టెంటు హౌసు డైరీ నుంచి కంప్యూటరులోకి

(వార్షిక సభలో యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు కమిటీ పెద్దలు ఒక ప్రశ్న ఇచ్చారు. కంప్యూటరు పని సొంతంగా నేర్చుకున్న కుర్రాడు హైదరాబాదుకో బెంగళూరుకో పోకుండా మన నంద్యాలలోనే ఉండి, ఇక్కడి దుకాణాలకు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు చేసిపెట్టి బతకగలడా అని. మేమిద్దరం అన్నదమ్ముల పిల్లలం. ఇద్దరం బి.కాం. చదివాం. ఒక జిరాక్సు సెంటరు నడుపుతూ రాత్రిపూట ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రామింగు నేర్చుకున్నాం. బతకగలమా లేదా అన్నదానికి జవాబు చివర్లో లెక్కతో సహా చెబుతాం. ముందు మేం చేసిన ఒక్క పని గురించి వివరంగా చెబుతాం. పది పనుల పేర్లు చెప్పడం కన్నా ఒక పనిని విప్పి చూపిస్తేనే మీకు ఉపయోగం.

మొదట మేం వెబ్‌సైట్లతో మొదలుపెట్టాం. అందరూ అలాగే మొదలుపెడతారు. ఒక స్వీటు షాపుకూ ఒక లాడ్జికీ చేసిచ్చాం. చూడటానికి బాగానే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి డొమైను పేరు పునరుద్ధరణకు డబ్బు కట్టమంటే స్వీటు షాపు ఆయన, "దాన్ని చూసి ఒక్కడన్నా వచ్చాడా?" అని అడిగాడు. రాలేదు. మన ఊళ్ళో మైసూరుపాకు కొనేవాడు వెబ్‌సైటు వెతకడు. గూగుల్ మ్యాపులో షాపు ఎక్కడుందో చూస్తాడు, ఫోను నంబరు నొక్కుతాడు. ఆ మ్యాపులో పేరు, వేళలు, ఫోను నంబరు, నాలుగు ఫొటోలు సరిగ్గా పెట్టుకోవడానికి గూగుల్ డబ్బు తీసుకోదు. యజమాని తన ఫోనుతో తానే చేసుకోవచ్చు. ఆ పని మేం ఆయనకు అరగంటలో ఊరికే చేసిపెట్టాం. మేం డబ్బు తీసుకుని చేసిన వెబ్‌సైటు కంటే ఊరికే చేసిన ఆ అరగంట పనే ఆయనకు ఎక్కువ పనికొచ్చింది. అప్పుడు సిగ్గేసింది. దుకాణదారుకు రోజూ నొప్పి పెట్టేది ఏదో దాన్ని పట్టుకోవాలి గానీ, మనకు చేయడం వచ్చింది ఏదో దాన్ని ఆయనకు అంటగట్టకూడదని అప్పుడే తెలిసింది.

ఆ నొప్పి మాకు ఒక టెంటు హౌసులో కనపడింది. షామియానాలు, కుర్చీలు, టేబుళ్లు, వంట డేగిశాలు, తివాచీలు బాడుగకు ఇచ్చే దుకాణం. యజమాని మాకు దూరపు బంధువు, చాచా అని పిలుస్తాం. ఆయన దగ్గర 500 కుర్చీలు ఉన్నాయి. లగ్గాలున్న రోజుల్లో ఆ 500 చాలవు. లగ్గాల్లేని రోజుల్లో గోడౌనులో దుమ్ము పట్టి పడి ఉంటాయి. ఆషాఢంలో బేరాలు ఉండవు. శ్రావణం రాగానే మంచి ముహూర్తం ఉన్న ఒకే రోజున పది మంది అడుగుతారు. వాళ్ళ లగ్గమూ మన నికాహ్ వలీమా ఒకే వారంలో పడితే ఇంక చెప్పక్కర్లేదు. ఈయన భయమంతా ఒక్కటే. ఒకే కుర్చీలను ఇద్దరికి ఒప్పుకోవడం. ఒకసారి అలా జరిగిందట. భోజనాల వేళకు ఒక ఇంట్లో వంద మంది నిలబడే ఉన్నారట. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఈయన దుకాణం మెట్లు ఎక్కరు.

అప్పటిదాకా లెక్కంతా ఒక డైరీలో ఉండేది. ఏ తేదీ పేజీలో ఆ రోజు ఫంక్షను రాసేవారు. పేరు, ఫోను, కుర్చీలు 300, డేగిశాలు 6, అడ్వాన్సు 2000, ఇలా. రాసేది గుమాస్తా పెద్దాయన. ఇరవై ఏళ్ళుగా అక్కడే పని చేస్తున్నారు.

మేం మొదటి రోజే లాప్‌టాప్ తీయబోయాం. చాచానే ఆపారు. "ముందు కూర్చుని చూడండి" అన్నారు. మూడు రోజులు కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాం. ఆ మూడు రోజులే ఈ పనిలో అసలు పని. తర్వాత చేసిన ప్రోగ్రామింగు అంతా అప్పుడు విన్నదాన్ని రాసుకోవడమే.

డైరీలో ఉన్నది తక్కువ, పెద్దాయన తలలో ఉన్నది ఎక్కువ. ఉదాహరణకు, డైరీ ఫంక్షను తేదీ చెబుతుంది. కానీ కుర్చీలు గోడౌను నుంచి ముందు రోజు సాయంత్రమే బయలుదేరతాయి. తిరిగి వచ్చేది ఫంక్షను మర్నాడు, ఒక్కోసారి మధ్యాహ్నం దాటాక. అంటే 15న పెళ్ళి ఉంటే ఆ కుర్చీలు 14, 15, 16 మూడు రోజులూ మనవి కావు. డేగిశాలకు ఇంకో రోజు కలపాలి. వాటిని చింతపండుతో తోమించి ఆరబెట్టందే వేరే ఇంటికి పంపరు. ఇది డైరీలో ఎక్కడా రాయలేదు. పెద్దాయనకు చేతి వేళ్ళ మీద ఉంది.

ఇంకొకటి. 500 కుర్చీలు అంటే 500 ఇవ్వగలమని కాదు. కాళ్ళు విరిగినవి, చిట్లినవి ఎప్పుడూ ఓ ఇరవై ఉంటాయి. అందుకని ఆయన ఎప్పుడూ 480కే ఒప్పుకుంటారు. మేం ప్రోగ్రాములో 500 పెట్టి ఉంటే ఇరవై మందిని నిలబెట్టేవాళ్ళం.

మూడోది మీకు బాగా తెలిసిన సంగతి. ఈద్గాకు షామియానా కావాలి, ఉరుసుకు కావాలి. నెల 29 రోజులా 30 రోజులా అన్నది 29వ నాటి సాయంత్రం నెలవంక కనపడితేనే గాని తెలియదు. డైరీలో పెద్దాయన పెన్సిలుతో రెండు పేజీల్లోనూ రాసి పక్కన చంద్రవంక బొమ్మ గీసేవారు. నెలవంక తేలాక ఒక పేజీలోది చెరిపేసేవారు. కంప్యూటరులో తేదీకి ఒకే గడి పెట్టే అలవాటున్న మాకు ఇది తట్టేదే కాదు. దీనికోసం "తేదీ ఖాయం కాలేదు" అని ఒక గుర్తు పెట్టాం. ఆ గుర్తు ఉన్నంతసేపు రెండు రోజులకూ సామాను పట్టి ఉంచుతుంది. ఖాయం అనగానే రెండోది విడిచిపెడుతుంది. తర్వాత చూసిన మిగతా దుకాణాల్లో కూడా వాళ్ళు ముందుగా అడిగింది ఇదే.

ఇప్పుడు లెక్క సంగతి. ఇక్కడ మేం మొదట తప్పుగా ఆలోచించాం. సొంతంగా నేర్చుకునేవాళ్ళు చాలామంది ఇక్కడే తప్పుతారు కనుక కాస్త నిదానంగా చెబుతాం.

ఇవ్వగలిగే కుర్చీలు 480 అనుకోండి. ఒకరు 10, 11 తేదీలకు 300 తీసుకున్నారు. ఇంకొకరు 13, 14 తేదీలకు 250 తీసుకున్నారు. ఇప్పుడు ఒకాయన వచ్చి 11 నుంచి 13 దాకా 150 కావాలన్నాడు. మేం రాసిన మొదటి ప్రోగ్రాము ఏం చేసిందంటే, ఈయన అడిగిన తేదీలతో తగులుతున్న బేరాలన్నీ వెతికి కూడింది. 300, 250 కలిపి 550. ఉన్నవి 480. కనుక లేవు అని ఎర్రగా చూపించింది. చాచా ఆ ఎర్ర రంగు చూసి బేరం వదులుకోబోయారు. పెద్దాయన పక్క నుంచి, "ఎందుకు లేవు? 11న 180 ఉన్నాయి, 12న అన్నీ ఉన్నాయి, 13న 230 ఉన్నాయి. ఈయన అడిగింది 150యే కదా" అన్నారు.

ఆయన చెప్పిందే సరైన పద్ధతి. ఆ రెండు బేరాలు ఈయన తేదీలకు తగులుతాయి గానీ ఒకదానికొకటి తగలవు. 10, 11లో పోయిన కుర్చీలే 13కి తిరిగొచ్చి మళ్ళీ పోతాయి. కాబట్టి మొత్తం కూడకూడదు. అడిగిన ఒక్కో రోజుకూ విడిగా ఎన్ని మిగిలాయో తేల్చి, వాటిలో అన్నిటికన్నా తక్కువది చూడాలి. 180, 480, 230లో తక్కువది 180. అంతవరకు ఇవ్వొచ్చు. హోటలు గదులకైనా, ట్రాక్టరు బాడుగకైనా, పెళ్ళికూతురి నగలు బాడుగకిచ్చే దుకాణానికైనా ఇదే లెక్క. దీన్ని మాకు నేర్పింది ఏ వీడియో కాదు.

దేనితో చేశారు అని అడుగుతారు. గూగుల్ షీట్‌తోనే చేశాం. దాని వెనక యాప్స్ స్క్రిప్ట్ అని ఒకటి ఉంటుంది, అందులో జావాస్క్రిప్టుతో రాసుకోవచ్చు. సర్వరు బాడుగ లేదు, చాచా ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. ఒక షీట్లో సామాను, ఒక షీట్లో బేరాలు, ఇంకో షీట్లో డబ్బు జమలు. ముందు ఒక చిన్న పేజీ. తేదీలూ సామానూ నింపితే ఉన్నాయా లేవా చెబుతుంది, ఒప్పుకుంటే రాసుకుంటుంది. ఇంతకు మించి ఏమీ లేదు. ఏదో పెద్ద డేటాబేసు పెట్టాలని మాకూ సరదాగా ఉండేది. కానీ ఏడాదికి ఆరేడు వందల బేరాలు రాసుకునే దుకాణానికి అది అనవసరం. పైగా రేపు మేం ఊళ్ళో లేకపోయినా షీటు తెరిచి చదువుకోవడం యజమానికి వస్తుంది. అది మాకు ముఖ్యం అనిపించింది.

ఇక మా తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా పోతే మిగతాదంతా గొప్పలు చెప్పుకున్నట్టే అవుతుంది.

ప్రోగ్రాము మొదలై మూడో వారం. 15న ఒక పెళ్ళికి 350 కుర్చీలు ఇచ్చారు. అంటే 14, 15, 16 తేదీల్లో అవి బయట ఉంటాయి. 16న బయలుదేరాల్సిన ఇంకో బేరం వచ్చింది, 280 కుర్చీలు. ఉన్నాయంది మా ప్రోగ్రాము. చాచా అడ్వాన్సు తీసుకున్నారు. నిజానికి 16న ఉన్నవి 130 మాత్రమే.

ఎందుకలా చెప్పింది? షీటులో మనం 15వ తేదీ అని రాస్తే అది లోపల 15 మొదలయ్యే అర్ధరాత్రి, మన దేశపు గడియారం ప్రకారం, అని ఉంటుంది. షీటుకు ఒక గడియారం ఉంటుంది, వెనకున్న స్క్రిప్టుకు విడిగా ఇంకో గడియారం ఉంటుంది. షీటుది మన సమయానికి పెట్టాం. స్క్రిప్టుది చూడనే లేదు. అది అమెరికా సమయంలో ఉంది. ఇక్కడ 15 మొదలయ్యే అర్ధరాత్రి అంటే అక్కడ ఇంకా 14 మధ్యాహ్నమే. అందువల్ల షీటులో రాసి ఉన్న పాత బేరాలన్నీ స్క్రిప్టుకు ఒక్కో రోజు ముందుకు జరిగి కనపడ్డాయి. 14, 15, 16 అన్నది 13, 14, 15 అయింది. కొత్తగా అడిగే తేదీ మాత్రం పేజీలోంచి అక్షరాల రూపంలో నేరుగా వస్తుంది కనుక జరగలేదు. ఈ రెంటినీ పోల్చి చూసి, 16న కుర్చీలు ఖాళీ అంది.

మేం పరీక్షించలేదా అంటే పరీక్షించాం. పెళ్ళి తేదీనే మళ్ళీ అడిగి చూశాం. 15న అడిగితే లేవనే చెప్పింది. ఎందుకంటే ఒక రోజు జరిగినా 15 ఇంకా ఆ మూడు రోజుల్లోనే ఉంది. లేని కుర్చీలను ఉన్నాయనే తప్పు బయటపడేది చివరి రోజున మాత్రమే. ఆ చివరి రోజును మేం అడగలేదు. అప్పటి నుంచి ఏ తేదీల ప్రోగ్రాము చేసినా మొదటి రోజు, చివరి రోజు, దానికి ముందు రోజు, తర్వాతి రోజు, ఈ నాలుగూ తప్పకుండా వేసి చూస్తాం. సరిచేయడానికి ఒక్క వరుస చాలింది. తేదీని మార్చే ప్రతిచోటా ఏ ఊరి సమయమో పేరు పెట్టి చెప్పడం.

```javascript
Utilities.formatDate(d, "Asia/Kolkata", "yyyy-MM-dd")
```

స్క్రిప్టు సెట్టింగుల్లో ఉన్న సమయాన్ని కూడా మార్చాం. దీనితో పాటు ఇంకో చిక్కు ఉంది, అది మాకు ముందే తెలుసు కనుక తప్పింది. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే 05/06 అని రాస్తే జూన్ 5 కాకుండా మే 6 అనుకుంటుంది. 12 దాటిన తేదీలను అక్షరాలుగా వదిలేస్తుంది. షీటు సెట్టింగుల్లో లొకేల్ ఇండియా అని పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

మరి తప్పు ఎవరు పట్టుకున్నారు? పెద్దాయనే. ప్రోగ్రాము పెట్టిన రోజు ఆయన ముఖం చూశాం మేం. ఇరవై ఏళ్ళ పని ఒక ఫోను చేసేస్తుంటే ఏ మనిషికైనా ఎలా ఉంటుంది? చాచా ఆయన్ని తీసేస్తారేమోనని ఆయన భయం. మేం అప్పుడు చాచాతో ఒక మాట అన్నాం. రెండు నెలలు డైరీ ఆపొద్దు, రెండూ నడవాలి, రోజూ సాయంత్రం రెంటినీ పోల్చాలి అని. ఆయన్ని నిలబెట్టాలన్న దయతో అన్నమాట కాదు, మా పని మీద మాకే పూర్తి నమ్మకం లేక అన్నాం. 12వ తేదీ సాయంత్రం డైరీ రాస్తూ పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసి, "నాయనా, 16న 280 ఎట్లా ఒప్పుకున్నారు? పెళ్ళివాళ్ళ కుర్చీలు ఇంకా అక్కడే ఉంటాయి కదా" అన్నారు.

నాలుగు రోజులు టైముంది. బేరం ఒప్పుకున్నవారి ఇంటికి ఫోను చేసి కాదనడానికి చాచా ఒప్పుకోలేదు, మాకూ మనసు రాలేదు. ఆళ్ళగడ్డలో ఒక దుకాణం నుంచి 150 కుర్చీలు, ఒక్కోటి 8 రూపాయల చొప్పున, బాడుగకు తెచ్చాం. 1200 అయింది. బండి బాడుగ పోను రాను 1800. మొత్తం 3000 మేమే పెట్టుకున్నాం. చాచా సగం ఇస్తానన్నారు, తీసుకోలేదు. ఈ పనికి ఆయన మాకు ఇస్తానన్నది 5000.

ఆ సంఘటన తర్వాత పెద్దాయనకూ మాకూ స్నేహం కుదిరింది. ఇప్పుడు ప్రోగ్రాములో బేరాలు ఎక్కించేది ఆయనే. వేలితో ఒక్కో అక్షరం నొక్కుతారు, నిదానంగా. చాచా కొడుకు గోడౌను నుంచి ఎక్కిస్తాడు. ఇద్దరూ ఒకేసారి చివరి కుర్చీలకు ఒప్పుకోకుండా, ఒకరిది పూర్తిగా రాసేదాకా రెండోవారిని కాసేపు ఆపే ఏర్పాటు యాప్స్ స్క్రిప్ట్‌లో ఉంది, దాన్ని లాక్ సర్వీసు అంటారు. అది వాడాం. రోజూ సాయంత్రం మర్నాటి లోడింగు పట్టీ ఒక కాగితం మీద ప్రింటు తీసి గోడౌను తలుపుకు అంటిస్తారు. నెట్టు పోయినా, ఫోను చార్జింగు అయిపోయినా, ఏ ఇంటికి ఏం పోవాలో హమాలీలకు తెలుస్తుంది. ఈ కాగితం గురించి నవ్వేవాళ్ళు ఉన్నారు, కంప్యూటరు పెట్టి మళ్ళీ కాగితమేమిటని. వాళ్ళు ఎప్పుడూ రాత్రి పదకొండు గంటలకు గోడౌనులో బండి ఎక్కించి ఉండరు.

గుర్తుచేసే సందేశాల సంగతి ఒక్క మాట. వాట్సాపులో అన్నీ వాటంతట అవే పోవాలని ప్రతి దుకాణదారూ అడుగుతాడు. దానికి వాట్సాపు వారి అధికారిక పద్ధతి ఉంది, దానికి ఖర్చవుతుంది, ముందుగా సందేశాల నమూనాలకు అనుమతి తీసుకోవాలి. నెట్టులో దొరికే దొంగదారి ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. వాటితో పంపితే నంబరునే వాట్సాపు వాళ్ళు నిలిపేయొచ్చు. దుకాణానికి ఆ నంబరే ప్రాణం. బోర్డు మీద, పెళ్ళి కార్డుల వెనక, అన్నిచోట్లా అదే ఉంటుంది. మేం మధ్యదారి పట్టాం. ప్రతి బేరం పక్కన `https://wa.me/` తో మొదలయ్యే ఒక లింకు తయారవుతుంది. నొక్కితే ఆ మనిషి చాటు తెరుచుకుని సందేశం రాసి సిద్ధంగా ఉంటుంది. పంపు అన్న గుర్తు పెద్దాయన నొక్కుతారు. దీనికి పైసా ఖర్చు లేదు. పంపేముందు ఆయన ఒకసారి చదువుతారు కూడా.

ఇక డబ్బు లెక్క. మొదటి దుకాణానికి మేం కూర్చున్న రోజులు, రాసిన రాత్రులు, తర్వాత తిరిగిన తిరుగుళ్ళు కలిపి సుమారు 110 గంటలు పట్టింది. 5000కు చూస్తే గంటకు 45 రూపాయలు. అందులో కుర్చీలకు పోయిన 3000 తీస్తే చేతికొచ్చింది 2000. అసలు మేం చేసిన తప్పు ధర తక్కువ చెప్పడం ఒక్కటే కాదు, తర్వాత చేసే పనికి ధరే చెప్పకపోవడం. ఆరు నెలలు రోజు మార్చి రోజు ఫోనొచ్చింది. పాస్‌వర్డు మరిచాం, ఫోను మార్చాం, కొత్తగా కూలర్లు కొన్నాం ఎక్కించండి, బిల్లులో పేరు పెద్దగా కావాలి. అన్నీ న్యాయమైన అడుగులే. కానీ వాటికి లెక్క లేదు. బంధువు కనుక అడగలేకపోయాం. చివరికి చాచానే పిలిచి, "మీరు ఫోను ఎత్తే గొంతు మారింది, ఏడాదికి ఎంతో చెప్పండి" అన్నారు.

అప్పుడు కాగితం రాసుకున్నాం. ఏడాదికి 6000. అందులో తప్పులు సరిచేయడం, నెలకు ఒకసారి దుకాణానికి వెళ్ళి చూడటం, ఏడాదికి నాలుగు చిన్న మార్పులు ఉంటాయి. కొత్త పని అంటే విడిగా మాట్లాడుకోవాలి. ప్రోగ్రాము తప్పు వల్ల నష్టం వస్తే ఆ ఏడాది మేం తీసుకున్న సొమ్ము వరకు మేం భరిస్తాం, అంతకు మించి కాదు. ఈ చివరి వాక్యం ఆళ్ళగడ్డ కుర్చీలు రాయించింది. బంధువుల మధ్య కాగితం ఎందుకని మీ ఇంట్లోవాళ్ళు అంటారు. బంధువుల మధ్యే ముందు కావాలి.

ఆ కాగితంలోనే ఇంకొకటి రాశాం. షీటు చాచా గూగుల్ ఖాతాలోనే ఉంటుంది, పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంటుంది, మాకు ఆయన ఇచ్చిన అనుమతి మాత్రమే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మమ్మల్ని తీసేయొచ్చు. మొదట్లో మా ఖాతాలో పెట్టుకుని ఉంటే ఆయన జీవితాంతం మమ్మల్ని వదలలేరు కదా అని ఒక స్నేహితుడు మాకు తెలివి చెప్పాడు. నిజమే. కానీ ఎవరిదో సరుకు మన గదిలో పెట్టి తాళం వేసుకున్నట్టు ఉంటుంది.

రెండో దుకాణం ఈ చాచా మాట మీదే వచ్చింది. 12,000 అడిగాం, ఇచ్చారు. లెక్క అదే కనుక 35 గంటల్లో అయిపోయింది. మూడోది పక్క ఊళ్ళో. ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురైంది. ఇద్దరు ఒకే ఊరి పోటీదారులు మా ఖాతాదార్లయ్యారు. వారిలో ఒకాయన టీ తాగిస్తూ, "ఫలానా తేదీన వాళ్ళ దగ్గర ఎన్ని కుర్చీలు మిగిలున్నాయి?" అని మామూలుగా అడిగారు. చెబితే ఆయన ఆ రోజుకు రేటు పెంచుకుంటారు. మాకు ఆ సమాధానం ఫోన్లోనే ఉంది, రెండు నిమిషాల పని. చెప్పలేం అన్నాం. ఆయన నొచ్చుకుని కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు, ఆ ఏడాది 6000 కూడా ఆలస్యంగా ఇచ్చారు. తర్వాత మేం చేసిన మార్పు ఏమిటంటే, పని పూర్తయిన దుకాణం షీటు మీద మా అనుమతిని తీయించేస్తాం. మరమ్మతు ఉన్నప్పుడే మళ్ళీ ఇమ్మంటాం. మన దగ్గర లేనిదాన్ని ఎవరూ అడగరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాం. మాకు ఇప్పుడు ఆరు దుకాణాలు ఉన్నాయి. ఏడాది సొమ్ము ఆరు ఆరులు 36,000, అంటే నెలకు 3000. నెలకొక కొత్త దుకాణం దొరికితే 12 పన్నెండులు 1,44,000. రెండూ కలిపి 1,80,000, నెలకు 15,000. ఇద్దరికి. అదీ నెలకొక కొత్త దుకాణం దొరికితే. దొరకదు. ఒక ఊళ్ళో ఇలాంటి దుకాణాలు ఎన్ని ఉంటాయి? పోయిన ఏడాది మాకు దొరికినవి మూడు. అందుకే జిరాక్సు సెంటరు మూయలేదు. సేవల మీద ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితే గాని జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి కాదు కనుక ఆ బెడద మాకు దరిదాపుల్లో లేదు, అని మేం నవ్వుకుంటుంటాం.

కాబట్టి ఉద్యోగం మానేసి దీనిలోకి దూకండని మేం చెప్పం. చేతిలో ఇంకో ఆదాయం ఉండి, రెండు మూడేళ్ళు ఓపిక ఉంటే పెరుగుతుంది. ఏడాది సొమ్ము ఇచ్చే దుకాణాలు ఇరవై అయితే 1,20,000 కదలకుండా వస్తుంది. దాని మీద నిలబడొచ్చు. ఇరవై దుకాణాల ఫోన్లు ఇద్దరం ఎత్తగలమా అన్నది వేరే ప్రశ్న. అందుకే పది రకాల దుకాణాలు పట్టుకోకుండా ఒకే రకం పట్టుకున్నాం. టెంటు హౌసు, వంట పాత్రలు, సౌండు లైటింగు, పెళ్ళి బట్టల బాడుగ. అన్నిటి గుండెకాయ ఒకే లెక్క. ఒకదానిలో తప్పు దొరికితే అన్నిటిలో సరిచేయొచ్చు.

మాకింకా చేతకానిది కూడా ఒకటి చెప్పి ముగిస్తాం. సామాను పోయేటప్పుడు లెక్క బాగుంటుంది. తిరిగొచ్చేటప్పుడు రాత్రి ఒంటిగంట, హమాలీలు అలసిపోయి ఉంటారు, పెళ్ళివారు నిద్రకళ్ళతో ఉంటారు. ప్లేట్లు, గ్లాసులు, గరిటెలు ఎవరు లెక్కపెడతారు? మేం ఫోన్లో లెక్క నింపే పేజీ ఒకటి చేసిచ్చాం. పోయినంతా వచ్చిందని అన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టి పంపేస్తున్నారు. మర్నాడు తోమేటప్పుడు నలభై గ్లాసులు తక్కువ తేలతాయి. ఫొటో తీసి పంపమన్నాం, చీకట్లో తీసిన ఫొటోలో ఏమీ కనపడలేదు. గ్లాసులు యాభై యాభైగా పట్టే ట్రేలు కొంటే ట్రేలు లెక్కపెడితే చాలని పెద్దాయన అంటున్నారు. రంజాన్ అయ్యాక చాచా పది ట్రేలు తెప్పిస్తామన్నారు. చూడాలి.